అన్‌సీజన్‌లో డెలివరీ రైడర్ ఇల్లు గడిచేదెలా

ఫుడ్ డెలివరీలో ఆర్డర్లు తగ్గే నెలలు ఏటా దాదాపు ఒకే సమయానికి వస్తాయి. అయినా అవి వచ్చి నెత్తిన కూర్చున్నాకే మనకు టెన్షన్ మొదలవుతుంది. బాగున్న నెలలో వచ్చిన మొత్తాన్నే జీతం అనుకుని అద్దె, ఈఎంఐ, చిట్టీ అన్నీ దానికి తగ్గట్టు పెట్టుకోవడమే అసలు చిక్కు. కింద చెప్పేది బైక్ మీద ఫుడ్ డెలివరీ చేసేవాళ్ల కోసం, హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. విజయవాడలోనో విశాఖలోనో తిరిగేవాళ్లు అంకెలు మార్చుకుంటే చాలు, లెక్క వేసే తీరు అదే.

1. మీ జోన్‌కు ఒక క్యాలెండర్ రాసుకోండి

ఊరంతటికీ ఒకే అన్‌సీజన్ ఉండదు. మీ జోన్‌లో ఆర్డర్ పెట్టేది ఎవరు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. దిల్‌సుఖ్‌నగర్ లాంటి హాస్టళ్ల ఏరియాలో వేసవి సెలవులు దెబ్బ. పరీక్షలు అయిపోగానే పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా రాత్రి ఆర్డర్లు పడిపోతాయి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లే కస్టమర్లు కాబట్టి అక్కడ వేసవి అంత తెలియదు. శని ఆదివారాలకు ముందో వెనకో పండగ సెలవు కలిసొస్తే మాత్రం తెలుస్తుంది. కుటుంబాలు ఎక్కువగా ఉండి బిర్యానీ మీద నడిచే జోన్లలో శ్రావణం, కార్తీకం చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఆ నెలల్లో మాంసం మానేస్తారు, కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లూ తోడవుతారు. రంజాన్ నెలలో పాతబస్తీ వైపు పగలు ఖాళీ, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఊపిరాడదు. అక్కడ నెల డల్ అవ్వదు, పని వేళలు మారతాయంతే.

ఒక విషయం చాలామంది పట్టించుకోరు. మీకు వచ్చే ఆర్డర్లు తగ్గడానికి కస్టమర్లు తగ్గడం ఒక్కటే కారణం కాదు, రైడర్లు పెరగడం కూడా కారణమే. సంక్రాంతికి ఊరు సగం ఖాళీ అవుతుంది, కానీ కస్టమర్లతో పాటు రైడర్లు కూడా ఊళ్లకు పోతారు. అందుకే ఆ నాలుగు రోజులు సిటీలో ఉండిపోయినవాళ్లకు అనుకున్నంత నష్టం రాదు, కొన్ని జోన్లలో ఇన్సెంటివ్ కూడా పెంచుతారు. వేసవిలో దీనికి తిరగేసి జరుగుతుంది. కస్టమర్లు ఊరెళ్తారు, పరీక్షలు రాసేసిన కుర్రాళ్లు పార్ట్‌టైమ్‌కి ఐడీలు తీసుకుని రోడ్డు మీదికొస్తారు. ఆర్డర్లు తక్కువ, పంచుకునేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో సంక్రాంతి కన్నా వేసవికే ఎక్కువ భయపడాలి.

యాప్‌లో పాత పేఔట్లు వారం వారీగా కనిపిస్తాయి. వెనక్కి ఎంత దూరం చూపిస్తే అంత దూరం చూసి, ఏ వారంలో ఎంత వచ్చిందో ఒక పాత డైరీలో రాసుకోండి. కొత్తగా చేరితే అదే జోన్‌లో రెండేళ్లుగా తిరుగుతున్న అన్నను హోటల్ దగ్గర ఆర్డర్ కోసం వెయిట్ చేసేటప్పుడు అడగండి. ఏ నెల డల్ అంటే తడుముకోకుండా చెప్తాడు.

2. తగ్గింది సీజన్ వల్లేనా, తేల్చుకోండి

ఇది తేల్చకుండా ముందుకెళ్తే మందు ఒకటి, రోగం ఒకటి అవుతుంది. రోజూ ఇంటికి రాగానే మూడు అంకెలు రాసిపెట్టండి: ఎన్ని గంటలు లాగిన్‌లో ఉన్నారు, ఎన్ని ఆర్డర్లు చేశారు, మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. పక్కన ఆ రోజు వచ్చిన డబ్బు. రెండు మూడు వారాలు రాశారంటే విషయం దానంతట అదే బయటపడుతుంది.

గంటకు వచ్చే ఆర్డర్లు తగ్గి, ఆర్డర్‌కు వచ్చే డబ్బు మాత్రం మునుపటిలాగే ఉంటే అది సీజనో, రైడర్లు పెరగడమో అయ్యుంటుంది. హోటల్ దగ్గర నిల్చున్న మరో ఇద్దరు ముగ్గురిని అడిగితే వాళ్లకూ అలాగే ఉందని చెప్తారు. అందరికీ బాగానే ఉండి మీకు ఒక్కరికే పడిపోతే మీ ఐడీలోనో ఫోన్‌లోనో తేడా ఉంది. వరుసగా ఆర్డర్లు రిజెక్ట్ చేశారా, రేటింగ్ పడిందా చూడండి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ ఆరగానే యాప్ నిద్రపోతుంది, లొకేషన్ పాతదే చూపిస్తుంది, ఆర్డర్ పక్కవాడికి పోతుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్ష తీసేసి, లొకేషన్ ఎప్పుడూ ఆన్ ఉండేలా పెట్టి రెండు రోజులు చూడండి.

ఆర్డర్లు అన్నే ఉండి డబ్బు తగ్గితే అది రేట్ కార్డ్ మారడం. కిలోమీటర్‌కు ఇచ్చేది తగ్గించారో, ఇన్సెంటివ్‌కు టార్గెట్ పెంచారో. ఇది సీజన్‌తో పాటు పోదు. దీనికి రెండు నెలలు ఓపిక పట్టడం మందు కాదు, వేరే యాప్‌కో వేరే పనికో మారే ఆలోచన చేయాల్సిందే.

3. చేతిలో మిగిలేది ఎంతో చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో తిరిగే ఒక రైడర్ అనుకుందాం. ఇది ఊహించి వేసిన లెక్క, మీ అంకెలు పెట్టి చూసుకోండి. బాగున్న నెలలో 26 రోజులు పని చేస్తే యాప్ నుంచి 28,000 వస్తుంది. రోజుకు 90 కిలోమీటర్ల చొప్పున నెలకు 2,340 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే 52 లీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన దాదాపు 5,600. ఇంజిన్ ఆయిల్, బ్రేకులు, టైర్లు, చైన్ సెట్ ఇవన్నీ కలిపి కిలోమీటర్‌కు అర్ధ రూపాయి పక్కన పెట్టాలి, అది 1,200 అవుతుంది. ఫోన్ రీచార్జ్ 350. అన్నీ పోగా మిగిలేది 20,850.

ఇంటి ఖర్చు: అద్దె 6,500, బండి ఈఎంఐ 2,900, సరుకులు కూరగాయలు 6,000, కరెంటు గ్యాస్ 900, ఊళ్లో అమ్మకు పంపేది 3,000. మొత్తం 19,300. అంటే 28,000 వచ్చిన నెలలో కూడా నిజంగా మిగిలేది 1,550 రూపాయలే.

ఇప్పుడు మే నెల. వచ్చింది 19,000. కిలోమీటర్లు మాత్రం ఆర్డర్లు తగ్గినంతగా తగ్గవు, ఎందుకంటే ఆర్డర్ కోసం ఇటూ అటూ తిరగడం ఎక్కువవుతుంది. రోజుకు 70 అనుకుంటే పెట్రోల్ 4,300, బండి ఖర్చు 900, ఫోన్ 350. మిగిలేది 13,450. ఇంటి ఖర్చు మొత్తం అలాగే నడవాలంటే 5,850 తక్కువ పడుతుంది. ఊరికి పంపేది ఆపి, సరుకులు 4,500కి తగ్గిస్తే ఖర్చు 14,800కి దిగుతుంది. అప్పుడు తక్కువ పడేది 1,350 మాత్రమే.

డల్ నెలలు రెండు అనుకుంటే ఏమీ ఆపకుండా గడవడానికి 11,700 కావాలి, బిగించి గడపడానికి 2,700 చాలు. ఆరు నెలల ఖర్చు దాచుకోవాలని వీడియోల్లో చెప్తుంటారు. ఆ లెక్కన ఈ రైడర్‌కు లక్షా పదిహేను వేలు దాటాలి. వినగానే ఎవరికైనా ‘మన వల్ల కాదు’ అనిపించి అసలే మొదలుపెట్టరు. మీకు ముందు కావాల్సింది ఆరు నెలల ఖర్చు కాదు, డల్ నెలల్లో తక్కువపడే ఆ తేడా.

4. ఆ తేడాను ఎలా దాచాలి

మొదటి గురి ఒక నెల అద్దె, ఒక ఈఎంఐ. ఈ రైడర్‌కు అది 9,400. అద్దె ఆగితే ఓనర్‌తో మాట పోతుంది, ఈఎంఐ ఆగితే బండికే ఎసరు, బండి లేకపోతే పనే లేదు. అందుకని వాటితో మొదలు. తర్వాత 11,700 దాకా వెళ్లండి.

పేఔట్ వారానికి వస్తుంది కాబట్టి దాచడం కూడా వారానికే ఉండాలి. నెలాఖరుకు మిగిలింది దాద్దామంటే ఏమీ మిగలదు. పేఔట్ పడిన రోజే అందులో 5 శాతం పంపేయండి. 7,000 పడితే 350. నెలకు 1,400, అంటే పైన చూసిన 1,550 లోపలే ఉంది. ఈ లెక్కన మొదటి గురికి ఏడు నెలలు, రెండోదానికి ఇంకో రెండు నెలలు పడుతుంది. జూన్‌లో మొదలుపెడితే వచ్చే వేసవికి ముందే పూర్తవుతుంది. స్థిరమైన మొత్తం కాకుండా శాతం ఎందుకంటే, తక్కువ వచ్చిన వారం తక్కువే పోతుంది, మధ్యలో తెగదు. వాన రోజు సర్జ్, డిసెంబర్ 31 రాత్రి ఇన్సెంటివ్, టిప్పులు లాంటివి పడితే వాటిలో సగం ఇందులో వేస్తే ఇంకా తొందరగా నిండుతుంది.

ఎక్కడ దాచాలన్నది కూడా ముఖ్యమే. పేఔట్ పడే అకౌంట్‌లోనే ఉంచితే ఆ డబ్బు టీ, పెట్రోల్, ఫ్రెండ్ చేబదులు కింద కరిగిపోతుంది. వేరే బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, దాన్ని ఫోన్‌పే, గూగుల్ పేలకు కలపకుండా ఉంచండి. పోస్టాఫీసు ఖాతా 500 రూపాయలతో తెరవచ్చు. పోస్టాఫీసు ఆర్‌డీ మాత్రం ఈ పనికి పనికిరాదు. అది ఐదేళ్లది, మూడేళ్లలోపు మూసేయనివ్వరు. మనకు డబ్బు మే నెలలో కావాలి. చిట్టీ అయితే ఇంకో తంటా: సరిగ్గా డల్ నెలలోనే వాయిదా కట్టమని కూర్చుంటుంది. సంపాదన నిలకడగా ఉన్నవాళ్లకు చిట్టీ మంచిదే, మనకు దీని తర్వాతే.

మీకు రావాల్సిన డబ్బు ఇంకొకటి ఉండొచ్చు. చాలా కంపెనీలు పేఔట్‌లోంచి 1 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను కింద కోస్తాయి. పైన చెప్పిన రైడర్‌కు పది మంచి నెలలు, రెండు డల్ నెలలు కలిపి ఏడాదికి 3,18,000 వస్తే, కోత 3,180. ఇంకే ఆదాయం లేకపోతే అతనికి పన్నే పడదు కాబట్టి రిటర్న్ వేస్తే ఆ మొత్తం వెనక్కి వస్తుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి ఏఐఎస్ అనే వార్షిక స్టేట్‌మెంట్ తెరిస్తే ఎంత కోశారో కనిపిస్తుంది. ఇది జీతం కాదు కాబట్టి రిటర్న్ వ్యాపార ఆదాయం కింద వేయాలి. తెలియకపోతే రిటర్న్‌లు వేసేవాళ్ల దగ్గరకు వెళ్లండి, కానీ ఫీజు ముందే మాట్లాడుకోండి. మూడు వేల కోసం రెండు వేలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఫ్రెండ్ ఐడీ మీద తిరుగుతున్నవాళ్లకు మాత్రం ఈ డబ్బు రాదు, అది ఐడీ ఎవరిదో వాళ్లకే పోతుంది. కంపెనీ ఇచ్చే యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కూడా అంతే. అద్దె ఐడీకి నేను వద్దనేది ఇందుకే.

దాచినదంతా ఒక్కరోజులో ఊడ్చేసేది యాక్సిడెంట్. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఆస్పత్రి బిల్లు ఇది కట్టదు. ప్రీమియం ఏటా మే చివర్లో ఖాతాలోంచి కోస్తారు, అప్పటికి ఖాతా ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతుంది. హాస్టళ్ల ఏరియా రైడర్లకు సరిగ్గా డల్ నెల అదే, కాబట్టి ఆ ఖాతాలో వంద రూపాయలైనా వదిలేయండి.

5. రెండో పనిని సీజన్ బాగున్నప్పుడే చూసుకోండి

ఆర్డర్లు పడ్డాక రెండో యాప్‌లో చేరదామనుకుంటే అక్కడ కూడా వెయిటింగ్ అంటారు, ఎందుకంటే మీలాగే అందరూ అప్పుడే వస్తారు. డాక్యుమెంట్లు, బ్యాగు, టీషర్ట్ డబ్బు, ఐడీ యాక్టివేషన్ వీటన్నింటికీ రోజులు పడతాయి. అందుకే రెండు నెలల ముందే ఐడీ తీసుకుని, వారానికి ఒకటి రెండు ఆర్డర్లయినా చేస్తూ ఉండండి. చాలా రోజులు లాగిన్ అవకపోతే ఐడీ మూసేసే యాప్‌లు ఉన్నాయి.

రెండో పని ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడండి: మీది తగ్గినప్పుడు అది పెరుగుతుందా? శ్రావణంలో బిర్యానీ ఆర్డర్లు పడిపోతే పూలు, కొబ్బరికాయలు, పూజ సామాను ఆర్డర్లు పెరుగుతాయి. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సరుకుల డెలివరీ స్టోర్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. అదే శ్రావణంలో పెళ్లిళ్లు కూడా జోరు. క్యాటరింగ్ కాంట్రాక్టర్‌కు వడ్డించే మనుషులు దొరకరు. దసరా, దీపావళి ముందు ఆన్‌లైన్ సేల్స్ ఉంటాయి కాబట్టి పార్సిల్ కొరియర్ల దగ్గర మనుషులు కావాలి. ఒక ఫుడ్ యాప్ డల్ అయితే ఇంకో ఫుడ్ యాప్‌లో చేరడం పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే రెండూ కలిసే పడతాయి.

వేసవిలో హాస్టళ్ల ఏరియావాళ్లకు నేను చెప్పేది సరుకుల స్టోర్ లోపల ప్యాకింగ్ షిఫ్ట్. బయట ఎండ ఉండదు, పెట్రోల్ ఖర్చు ఉండదు, జీతం తక్కువైనా మొత్తం చేతికొస్తుంది. లేదంటే కర్రీ పాయింట్లు, మెస్సుల నుంచి ఆఫీసులకు మధ్యాహ్నం క్యారేజీలు. పది క్యారేజీలు రెండు కిలోమీటర్ల లోపు ఒకే దారిలో ఉంటే గంటన్నరలో అయిపోతుంది. ధర మాట్లాడేటప్పుడు క్యారేజీకి ఇంత అని కాకుండా నెలకు ఇంత అని మాట్లాడండి, ఆదివారాలు, సెలవులు ముందే తేల్చుకోండి. ఏ హోటల్ అన్నం ఎంత ఆలస్యంగా కట్టిస్తుందో రైడర్‌కు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఆ తెలివిని ఇక్కడ వాడుకోండి.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో కూడా అడగండి. క్యాటరింగ్‌వాళ్లు చాలావరకు అదే రాత్రి ఇచ్చేస్తారు. మెస్సువాళ్లు నెల తిరిగాక ఇస్తారు. పార్సిల్ వెండర్ల దగ్గర ఇంకా ఆలస్యం కావచ్చు. మేలో చేసిన పనికి జూన్‌లో డబ్బొస్తే మే అద్దె దానితో కట్టలేరు. కాబట్టి ఆలస్యంగా ఇచ్చే పనిని డల్ నెలకు ఒక నెల ముందే మొదలుపెట్టండి.

బైక్ టాక్సీ ఆలోచన ఉంటే ఇన్సూరెన్స్ పేపర్ ఒకసారి చదవండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద మనుషుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ ఇవ్వమని కంపెనీ అనొచ్చు.

6. డల్ నెల వచ్చేసింది, ఇప్పుడు

ముందు చేతికి తోచేది ఎక్కువ గంటలు తిరగడం. లెక్క చూస్తే అది చాలాసార్లు నష్టమే. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఖాళీగా రోడ్ల మీద తిరిగితే పెట్రోల్ తప్ప ఏమీ రాదు. భోజనాల వేళ, రాత్రి వేళ మాత్రం గట్టిగా చేసి, మధ్య గంటలు రెండో పనికి ఇవ్వండి. ఆర్డర్ లేనప్పుడు హోటళ్లు గుంపుగా ఉన్న చోట బండి ఆపి కూర్చోండి. షిఫ్ట్‌కు ఇన్సెంటివ్ ఉంటే ఎన్ని గంటలు తప్పనిసరో చూసుకుని తగ్గించండి, లేకపోతే అదీ పోతుంది. బండి అద్దెకు తీసుకుని నడిపేవాళ్లు ఆ వారాల్లో తిరిగి ఇచ్చేయొచ్చేమో ఓనర్‌ని అడగండి, వారం అద్దె ఆర్డర్లను చూసి తగ్గదు.

ఈఎంఐ కట్టలేమని తెలిస్తే డ్యూ డేట్‌కు ముందే ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. తారీఖు మార్చమనో, కొన్ని రోజులు గడువు ఇమ్మనో అడిగితే ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆటో డెబిట్ బౌన్స్ అయితే మాత్రం ఇటు బ్యాంకు, అటు ఫైనాన్స్ ఇద్దరూ ఛార్జీ వేస్తారు, సిబిల్ కూడా పడుతుంది.

డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లే ముందు ఈ లెక్క చూడండి. పది వేల అప్పు అంటారు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. చూడటానికి వడ్డీ వెయ్యే. కానీ అసలు రోజూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజుల్లో వెయ్యి అంటే ఏడాదికి దాదాపు 80 శాతం. పైగా ఆర్డర్లు లేని రోజు కూడా సాయంత్రానికి వంద చేతిలో పెట్టాల్సిందే. తప్పనిసరి అయితే బ్యాంకులో బంగారం పెట్టి తీసుకోవడం దీనికన్నా చాలా చవక. కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి పర్మిషన్ అడిగే లోన్ యాప్‌ను అసలు ఇన్‌స్టాల్ చేయొద్దు.

7. కాలేజీలు తెరిచాక

జూన్‌లో ఆర్డర్లు మళ్లీ ఎక్కగానే ముందు ఆగిన అద్దె, ఈఎంఐలు తీర్చండి, తర్వాత ఊరికి పంపడం మొదలుపెట్టండి. దాచినదాంట్లోంచి ఎంత తీశారో డైరీలో ఉంటుంది కదా, అది నిండేదాకా 5 శాతానికి బదులు 8 శాతం వేయండి. కొత్త ఫోన్ ఈఎంఐ అంతవరకు వాయిదా. రెండో పనిని పూర్తిగా వదిలేయొద్దు, మెస్సు క్యారేజీలు ఆపేయాల్సి వస్తే ఆ హోటల్ అన్నకు ఒక వారం ముందే చెప్పి, మీకు తెలిసిన కుర్రాడిని పెట్టి రండి. మళ్లీ ఏప్రిల్‌లో అడగడానికి వెళ్లాలి కదా.